కొడవలి కణం, చింతపిక్కల ఆట: సిరొంచ నుంచి ఒక సంభాషణ

(వినిపించే గొంతులు రెండు. వ్యాఖ్యాత బడిలో పాఠాలు చెప్పే యువకుడు. అక్క ఇరవై ఏళ్లుగా ఊళ్లు తిరుగుతున్న నర్సు. నేపథ్య సంగీతం వద్దు, మొదట్లో చింతపిక్కలు గచ్చు మీద పడే చప్పుడు చాలు.)

వ్యాఖ్యాత: నమస్కారం. నదికి ఈవల, మహారాష్ట్రలోని సిరొంచలో కూర్చుని మాట్లాడుతున్నాం, ఆవల కాళేశ్వరం. మొన్న ఆశా కార్యకర్తల శిక్షణలో సికిల్ సెల్ అనే కొడవలి కణం జబ్బు మీద 18 స్లైడ్ల ప్రెజెంటేషన్ చూపించారు. అంతా మరాఠీలో ఉంది. మన ఇళ్లలో తెలుగు తప్ప మరో భాష అందని పెద్దవాళ్లు చాలామంది. అందుకే అందులోని ముఖ్యమైన విషయాలు చెప్పమని అక్కను అడిగాను. అక్కా, మొదటి స్లైడులో రెండు బొమ్మలు ఉన్నాయి. వినేవాళ్లకు అవి కనిపించవు కదా.

అక్క: మాటల్లోనే చూపిస్తాను. ఒక బొమ్మలో రక్తకణం మధ్యలో నొక్కిన గారెలా గుండ్రంగా ఉంది. రెండోది వరి కోసే కొడవలిలా వంగింది. గుండ్రటి కణం మెత్తగా వంగుతూ సన్నని నాళాల్లోంచి జారిపోతుంది. కొడవలి కణం బిరుసుగా ఉండి అడ్డం పడుతుంది. దాని వెనక మిగతావి పేరుకుంటాయి. ఆ చోటికి ప్రాణవాయువు అందదు. అప్పుడు వచ్చే నొప్పి, తమ్ముడూ, ఎముకలోంచి వస్తుంది. పిల్లలు అరవలేక మూలుగుతారు.

వ్యాఖ్యాత: రక్తం తక్కువ కావడం కూడా దీనివల్లేనా?

అక్క: దీనివల్లే. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ఇది 10 నుంచి 20 రోజుల్లోనే విరిగిపోతుంది. శరీరం ఎంత తయారుచేసినా చాలదు. కణాలు అలా విరగడం వల్లే కళ్లు పచ్చబడతాయి. కామెర్లనుకుని పసరు పోయించి నెలలు పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు.

వ్యాఖ్యాత: అసలు ఎలా వస్తుంది? ఆరో స్లైడులో తల్లీ తండ్రీ, కింద నలుగురు పిల్లలు. ముగ్గురు నవ్వుతున్నారు, నాలుగోవాడు ఏడుస్తున్నాడు.

అక్క: ఆ స్లైడు నాకు నచ్చలేదు. అది చూసి ఒక తల్లి నాతో, “నాకు ముగ్గురే, నాలుగోది కనను, ఇక భయం లేదు” అంది. ఆమె తప్పు కాదు, బొమ్మే అలా ఉంది. నేనైతే చింతపిక్కలు తీస్తాను. అష్టాచెమ్మా ఆడటానికి పిక్కను ఒకవైపు అరగదీస్తాం కదా, ఆ పక్క తెల్లబడుతుంది.

వ్యాఖ్యాత: రెండో పక్క గోధుమరంగులోనే ఉంటుంది.

అక్క: తెల్ల పక్క కొడవలి గుణం అనుకో. తల్లికి ఒక పిక్క, తండ్రికి ఒక పిక్క. ఇద్దరివీ ఒకవైపే అరిగినవైతే, ఇద్దరూ వాహకులన్నమాట. వాళ్లు జబ్బు మనుషులు కారు. పొలం పని చేస్తారు, నది ఈదుతారు, ఏమీ తెలియదు. బిడ్డ పుట్టే ప్రతిసారీ రెండు పిక్కలూ విసురుతాం.

(చప్పుడు: రెండు పిక్కలు పడతాయి.)

రెండూ తెలుపు పడితే బిడ్డకు జబ్బు. అది నాలుగింట ఒక వంతు. ఒకటి తెలుపు, ఒకటి గోధుమ పడితే బిడ్డ కూడా అమ్మానాన్నల్లా వాహకుడే, అది సగం. రెండూ గోధుమ పడితే అసలేమీ లేదు, మిగిలిన నాలుగో వంతు అది. ముఖ్యమైన మాట ఏమిటంటే, పిక్కలకు నిన్నటి పందెం గుర్తుండదు. మొదటి బిడ్డకే పడవచ్చు, వరుసగా ఇద్దరికీ పడవచ్చు, ఎవరికీ పడకపోవచ్చు.

వ్యాఖ్యాత: ఒకరి పిక్క అసలు అరగనిదైతే?

అక్క: అప్పుడు రెండూ తెల్లగా పడే వీలే లేదు కదా. వాహకుడు మరో వాహకురాలిని కాకుండా కొడవలి గుణం గానీ, అలాంటి మరో రక్త గుణం గానీ లేని మనిషిని చేసుకుంటే పిల్లలకు సికిల్ జబ్బు రాదు. జబ్బు ఉన్న మనిషికి పిక్క రెండువైపులా తెలుపే. ఆ మనిషి వాహకుణ్ణి చేసుకుంటే ప్రతి బిడ్డకూ సగం ప్రమాదం. ఇది చెప్పాక కోడలి మీద పడే నింద ఎక్కడ నిలుస్తుంది? రెండు పిక్కలు పడితేనే ఆట. “ఈమె రక్తం మంచిది కాదు” అని పుట్టింటికి పంపిన ఇంట్లో, కొడుకు రక్తం కూడా పరీక్షించమని నేను పట్టుబట్టి కూర్చున్నాను.

వ్యాఖ్యాత: మన అడవి ప్రాంతాల్లోనే ఎందుకు ఎక్కువ?

అక్క: మలేరియా వల్ల. ఒక వైపే తెల్లబడిన పిక్క ఉన్నవాళ్లకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. తరతరాలుగా దోమలున్న నేలల్లో వాళ్లు బతికి, ఆ గుణం నిలిచింది. ఇది శాపం కాదు, ఎవరి పాపమూ కాదు. మన తాతలను కాపాడిన గుణం ఇది, రెండు కలిసినప్పుడు బిడ్డను బాధపెడుతుంది.

వ్యాఖ్యాత: పరీక్ష గురించి చెప్పండి.

అక్క: వేలి చివర చుక్క రక్తం. దాన్ని మందునీళ్లలో కలిపి, వెనక గీతలున్న కాగితం పెడతారు. గీతలు కనిపిస్తే సరే. నీళ్లు మసకబారి గీతలు కనిపించకపోతే కొడవలి గుణం ఉందన్నమాట. కానీ అది వాహకుడో రోగో చెప్పదు, అందుకు హెచ్.పి.ఎల్.సి. అనే రెండో పరీక్ష కావాలి. ఆరు నెలల లోపు పసిబిడ్డలకు ఈ మొదటి పరీక్ష నమ్మకంగా పనిచేయదు. 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమంలో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకున్నారు.

వ్యాఖ్యాత: జబ్బు ఉన్న పిల్లలకు మందు ఉందా?

అక్క: ఉంది. హైడ్రాక్సీయూరియా అనే బిళ్ల రోజూ వేస్తే నొప్పులు తగ్గుతాయి, ఆసుపత్రి రాత్రులు తగ్గుతాయి. డాక్టరు చెప్పిన మోతాదులో, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. నొప్పి తగ్గిందని మానేస్తే మళ్లీ వస్తుంది. గర్భం కోరుకునేవాళ్లు డాక్టరుతో ముందే మాట్లాడాలి. ఇంట్లో చేయాల్సింది నీళ్లు బాగా తాగడం. మిరపకాయలు కోయడానికి ఆవలి ఒడ్డుకు కూలికి వెళ్లేవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను: దాహం వేసే దాకా ఆగకండి, ఎండలో పని మధ్యలో ఆపి నీడకు రండి. నొప్పి చోట మంచుగడ్డ పెట్టవద్దు, గోరువెచ్చని గుడ్డ పెట్టండి.

వ్యాఖ్యాత: ఆసుపత్రికి ఎప్పుడు పరుగెత్తాలి?

అక్క: జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే. ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకరపోవడం, చెయ్యి కాలు పడిపోవడం, కడుపు ఎడమవైపు ఒక్కసారిగా ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగవద్దు. పసిబిడ్డ చేతులు, పాదాలు వాస్తే దెబ్బ తగిలిందని ఊరుకోకండి. ఇంకొక మాట, స్లైడులో చిన్న అక్షరాల్లో ఉంది కాబట్టి పెద్దగా చెబుతాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ జబ్బు పేరు ఉంది. ధ్రువపత్రం కోసం అడగండి.

వ్యాఖ్యాత: అక్కా, నాకు మాఘమాసంలో పెళ్లి కుదిరింది. అమ్మాయిది మహదేవపూర్ వైపు. నేను ఇంతవరకు పరీక్ష చేయించుకోలేదు.

అక్క: సోమవారం రా. ఆ అమ్మాయిని కూడా వాళ్ల ఊళ్లో చేయించుకోమను. ఒకరిది తేలితే చాలనుకోకు. తలసీమియా అనే మరో గుణం ఈ చుక్క పరీక్షలో కనిపించదు. అది ఒకరిలో, కొడవలి గుణం మరొకరిలో ఉంటే బిడ్డకు ఇలాంటి జబ్బే రావచ్చు. కాబట్టి రెండో పరీక్ష కూడా ఇద్దరికీ జరగాలి.

వ్యాఖ్యాత: ఇద్దరమూ వాహకులమైతే పెళ్లి ఆపుకోవాలా?

అక్క: అది మీ ఇద్దరి నిర్ణయం, నాది కాదు. తెలిసి చేసుకుంటే, గర్భం వచ్చిన తొలి నెలల్లోనే బిడ్డ గురించి పరీక్షించే వీలు పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. ముందు సోమవారం ఉదయం తొమ్మిదికి రా. పరగడుపున రావక్కర్లేదు, తిని రా.

(చప్పుడు: పిక్కలను గిన్నెలోకి తీస్తున్నారు.)