జీవావరణ శాస్త్రం ప్రశ్నలు: సెయింట్ మాథ్యూ దీవి రెయిన్‌డీర్లు

బేరింగ్ సముద్రంలోని ఈ దీవిలో 1944లో 29 రెయిన్‌డీర్లను వదిలారు. తోడేళ్లు లేవు. నేలంతా లైకెన్లే. 1957లో వాటి సంఖ్య సుమారు 1,350, 1963లో 6,000. ఆ తర్వాతి చలికాలం చాలా తీవ్రంగా గడిచింది. 1966లో మిగిలినవి 42.

1. గ్రాఫ్ గీయండి. 1963 దాకా వక్రం J ఆకారమా, S ఆకారమా? నాలుగు బిందువులే ఉన్నాయి కాబట్టి వాటి మధ్య గీత మన ఊహే. ఆ మాట జవాబులో రాస్తే సంతోషిస్తాను. (3 మార్కులు)

2. r = ln(N₂/N₁)/t వాడి 1944–57, 1957–63 కాలాలకు r కట్టండి. సుమారు 0.30, 0.25 రావాలి. ఈ తగ్గుదల ఏం సూచిస్తోంది? (4)

3. "6,000 దాకా పెరిగాయి కాబట్టి ఆ దీవి పోషించగల సామర్థ్యం K = 6,000." ఈ వాక్యంలో తప్పేమిటి? లైకెన్ తిరిగి పెరగడానికి ఏళ్లు పడుతుందని గుర్తుంచుకోండి. చాలామంది తడబడేది ఇక్కడే, తొందరపడకండి. (5)

4. మేత కొరత, మంచు: వీటిలో సాంద్రతపై ఆధారపడే పరిమితి కారకం ఏది? రెండూ కలిస్తే దెబ్బ ఎందుకు పెరుగుతుంది? (4)

5. వేరే లెక్క: చెరువులో చేపలకు K = 500, r = 0.4. dN/dt = rN(K−N)/K ప్రకారం N = 100, 250, 450 వద్ద పెరుగుదల ఎంత? ఏ సంఖ్య దగ్గర ఎక్కువ? (4)