అలివేలక్కకు: హారిక తిండి కొలతలు

అక్కా,

సోమవారం నుంచి నేను పొద్దున 6 గంటలకే చిత్తూరు బస్సెక్కాలి, వచ్చేసరికి రాత్రి 8 దాటుతుంది. అందుకే అన్నీ రాసి ఫ్రిజ్ మీద అంటిస్తున్నాను. కొత్త కాటా స్టవ్ పక్కన పెట్టాను. ముందు ఖాళీ గిన్నె పెట్టి, సున్నా వచ్చే బటన్ నొక్కి, తర్వాత సరుకు వెయ్యండి. బియ్యం, పప్పు, పిండి పచ్చివే తూకం వెయ్యాలి, వండినవి కాదు.

ఇంత పట్టుగా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల యూనివర్సిటీ స్టేడియంలో 800 మీటర్లు పరిగెత్తి హారిక కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. మధ్యాహ్నం బాక్సులో అన్నం సగం పారేస్తోందని అప్పుడే తెలిసింది. లావైపోతానేమోనని భయమంట. రక్తం 10.6 ఉంది. 46 కిలోల పిల్ల, రోజుకు రెండు పూటలా పరుగు. దానికి మాంసకృత్తులు 70 గ్రాములకు తగ్గకూడదని డైటీషియన్ చెప్పారు.

తెల్లవారి 5 గంటలకు ఒక అరటిపండు, 2 ఖర్జూరాలు, గ్లాసు నీళ్లు. ఇవి నేనే ఇచ్చి పంపిస్తాను.

7:30కి ప్రాక్టీసు నుంచి రాగానే 3 ఇడ్లీలు, సాంబారు ఒక కప్పు, చెనిక్కాయల ఊరిమిండి 2 పెద్ద స్పూన్లు, ఉడకబెట్టిన గుడ్లు 2, పాలు 250 మిల్లీలీటర్లు. పచ్చసొన తీసెయ్యమంటుంది, తియ్యొద్దు. దోసెల రోజు 3 దోసెలు, ఒక్కోదానికి చిన్న స్పూన్ నూనె. పొంగలి రోజు బియ్యం 60 గ్రాములు, పెసరపప్పు 40, నెయ్యి 2 చిన్న స్పూన్లు. శనివారం మనింట్లో గుడ్డు ఉండదు కదా, ఆ రోజు 70 గ్రాముల పనీరు పెనం మీద వేయించి ఇవ్వండి.

బాక్సులోకి బియ్యం 90 గ్రాములు. వండితే ఇంచుమించు 260 అవుతుంది, పెద్ద బాక్సు నిండుతుంది, అది చూసి ఎక్కువని తగ్గించకండి. కందిపప్పు 40 గ్రాములతో గట్టి పప్పు. వారానికి మూడు రోజులు అందులో మునగాకో తోటకూరో రెండు గుప్పిళ్లు వెయ్యండి. కూర 150 గ్రాములు, పెరుగు 150 గ్రాములు వేరే డబ్బాలో. నిమ్మబద్ద ఒకటి పెట్టండి, పప్పులో పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న గంట దాకా టీ, కాఫీ వద్దు. అడిగినా ఇవ్వొద్దు. ఇనుము మాత్ర సంగతి నేను చూసుకుంటాను.

సాయంత్రం 4:15కి స్కూల్ నుంచి వస్తుంది, 5:15కి మళ్లీ గ్రౌండు. ఆ గంటలో బరువైంది పెడితే కడుపులో పట్టేస్తుంది. రాగిజావ ఒక గ్లాసు, బెల్లం 10 గ్రాములు, అంతే. వేయించిన చెనిక్కాయలు 30 గ్రాములు ప్రాక్టీసు నుంచి వచ్చాక. ఎండ ఎక్కువున్న రోజు ఉప్పేసిన మజ్జిగ 300 మిల్లీలీటర్లు కూడా.

రాత్రికి సంగటి. రాగిపిండి 60, బియ్యం 40 గ్రాములు. సంగటి మీ చేతిదే దానికి ఇష్టం, నేను కలిపితే ఉండలు కడుతుందని ముట్టదు. బుధ, ఆదివారాలు కోడికూర, ఎముకలు లేకుండా పచ్చి మాంసం 120 గ్రాములు దాని పళ్లెంలోకి. మిగతా రోజుల్లో అలసందలు 50 గ్రాములు పొద్దునే నానబెట్టి పులుసు. అనపగింజలు దొరికే కాలంలో పితికిపప్పు చేస్తే ఇంట్లో అందరూ అదే తింటారు, విడిగా ఏమీ వద్దు. పడుకునే ముందు పాలు 200, అవి నేను కాచి ఇస్తాను.

ఈ నెల 23న జిల్లా సెలక్షన్స్. 22 రాత్రి సంగటి, అలసందలు, కారం కూరలు వద్దు. బియ్యం 120 గ్రాముల అన్నం, పలచని పప్పు, పెరుగు చాలు. ఎప్పుడూ తిననిదేదీ ఆ రోజు కొత్తగా చెయ్యొద్దు, టెన్షన్‌లో కడుపు చెడుతుంది.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండక్కా. 'ఇంత తింటావా' అని సరదాకైనా అనకండి, మా అత్తగారు అన్నా మాట మార్చండి. మిగిలిస్తే బలవంతం చెయ్యొద్దు, తిట్టొద్దు. ఎంత మిగిలిందో క్యాలెండర్ మీద ఆ తేదీ దగ్గర రాసిపెట్టండి. రాత్రి నేను దానితో మాట్లాడతాను.

చిన్నోడికి ఈ కొలతలు వర్తించవు, వాడికి మామూలుగానే పెట్టండి.

రైతుబజార్ డబ్బులు పోపులపెట్టె కింద ఉన్నాయి. గుడ్లు బుధవారానికల్లా అయిపోతాయి, 30 తెప్పించండి.

సుజాత