చెల్లి కొన్న సెకండ్‌హ్యాండ్ శాంసంగ్ ఎస్22కి మొదటి వారం చెక్‌లిస్ట్

చెల్లీ, ఫోన్ శుక్రవారం వచ్చింది, వాపసు గడువు ఏడు రోజులు. మన లెక్కలో మంగళవారం రాత్రికే తేలిపోవాలి. అప్పటిదాకా పాత ఫోన్ ఎవరికీ ఇవ్వకు, కొత్తదానికి గార్డు అంటించకు. ఒంటిమీద గీతల్ని అమ్మినవాళ్లు ముందే చెప్పారు, వాటి జోలికి పోవద్దు. లోపల ఏముందో చూద్దాం.

శుక్రవారం, సిమ్ వేయకముందే

☐ డబ్బా తెరుస్తున్నప్పుడు ఒకే వీడియో, మధ్యలో ఆపకుండా. రేపు మాటామాటా వస్తే అదే సాక్ష్యం.

☐ `*#06#` కొట్టు. వచ్చే 15 అంకెల ఐఎంఈఐ, బిల్లు మీదిది, డబ్బా మీదిది ఒకటే కావాలి. తర్వాత నీ పాత ఫోన్ నుంచి `KYM` అని రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరు వేసి 14422కి ఎస్సెమ్మెస్ పంపు. బ్లాక్‌లిస్టు అనో డూప్లికేట్ అనో వస్తే ఇక మిగతా టెస్టులు అక్కర్లేదు, వెనక్కి పంపెయ్.

☐ వైఫై కలిపాక ఎవరిదో గూగుల్ ఖాతా అడిగినా, ఈ ఫోన్ ఫలానా కంపెనీది అన్నట్టు మెసేజ్ వచ్చినా, ఈఎంఐ లాక్ కనిపించినా అంతే. అమ్మినవాళ్లు "మేం తీసేస్తాం, ఓటీపీ చెప్పండి" అంటే చెప్పకు.

☐ సెక్యూర్ ఫోల్డర్ తెరిచి చూడు. తెరుచుకోకపోతే ఎవరో సాఫ్ట్‌వేర్‌ని కెలికి ఉండొచ్చు.

☐ పెండింగ్ అప్‌డేట్లు ఈ రాత్రే వేసెయ్. అప్‌డేట్ తర్వాత స్క్రీన్ మీద గ్రీన్ లైన్ వచ్చిందని చాలామంది మొత్తుకున్నారు. వచ్చేదేదో గడువులోపే రానీ.

శనివారం: స్క్రీన్, చెవి, నోరు

☐ డయలర్‌లో `*#0*#` కొడితే టెస్ట్ మెనూ వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటీ నిండుగా పెట్టి, గదిలో లైటు ఆర్పి చూడు. చుక్కలు గానీ గీతలు గానీ ఉంటే అప్పుడే బయటపడతాయి. తర్వాత బ్రౌజర్‌లో లేత బూడిద రంగు బొమ్మ తెరువు. కీబోర్డు నీడో, పైన గడియారం నీడో లీలగా కనిపిస్తే అది బర్న్‌ఇన్, ఎంత తుడిచినా పోదు.

☐ అదే మెనూలో టచ్. గళ్లన్నీ వేలితో రుద్దాలి, రుద్దిన గడి రంగు మారుతుంది. అంచుల్లో తొందరపడకు. స్క్రీన్ మార్చిన ఫోన్లలో ముందు మొరాయించేది అక్కడే. వేలిముద్ర పదిసార్లు పెట్టు, మూడుసార్లకు మించి తిరస్కరిస్తే రాసి పెట్టుకో.

☐ మైకులు ఒకటి కంటే ఎక్కువ. వాయిస్ రికార్డర్‌లో ఒకసారి, వెనక కెమెరా వీడియోలో ఒకసారి, సిమ్ వేసి స్పీకర్ మీద నాకు కాల్ చేసి ఒకసారి మాట్లాడు. ఒకచోట బాగుండి ఇంకోచోట బావిలోంచి వచ్చినట్టుంటే ఒక మైకు పోయినట్టే. కాల్‌లో చెవి దగ్గర పెట్టుకుంటే స్క్రీన్ ఆరిపోవాలి.

☐ వైబ్రేషన్, బటన్లు, బ్లూటూత్: ఐదు నిమిషాల పని.

ఆదివారం: కెమెరా, నెట్‌వర్క్

☐ మామూలు, వైడ్, మూడు రెట్ల జూమ్, సెల్ఫీ, నాలుగూ విడివిడిగా. తెల్లగోడ ఫొటో తీస్తే లెన్స్ లోపలి దుమ్ము మచ్చగా పడుతుంది. జూమ్‌లో వీడియో తీస్తూ నాలుగడుగులు నడువు. బొమ్మ జెల్లీలా వణికినా, లోపల టకటక శబ్దం వచ్చినా స్టెబిలైజేషన్ పాడైంది.

☐ యూపీఐ యాప్ రిజిస్టర్ చెయ్. అది ఎస్సెమ్మెస్ పంపుతుంది కాబట్టి ఆ పరీక్ష కూడా అయిపోతుంది. హాస్టల్ లిఫ్టు దగ్గర పాత ఫోన్‌లో సిగ్నల్ ఉండి దీంట్లో లేకపోతే అనుమానించు. మ్యాప్స్ ఆరుబయట చూడు, గదిలో కాదు.

సోమ, మంగళ: బ్యాటరీ

మొదటి రెండు రోజులు యాప్‌లు దిగుతూ ఛార్జ్ తినేస్తాయి, ఆ లెక్క పట్టించుకోకు. దీని బ్యాటరీ కొత్తలోనే 3700 ఎంఏహెచ్, చిన్నదే. సాయంత్రానికి అయిపోయిందని టెన్షన్ పడకు. చూడాల్సింది వేరే.

☐ 30 శాతం నుంచి ఒక్కసారిగా 15కి పడటం, 20 దగ్గరే ఆరిపోవడం. ఈ రెండూ ఉంటే బ్యాటరీ పాతదే, వాళ్లేం చెప్పినా సరే.

☐ రాత్రి ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పడుకో. పొద్దున్నకి పదికి పైగా తగ్గితే నాకు చెప్పు.

☐ 25 వాట్ల ఛార్జర్ పెడితే సూపర్ ఫాస్ట్ ఛార్జింగ్ అని రావాలి. కేబుల్ తిప్పి కూడా పెట్టు, వదులుగా ఊగకూడదు. మీ రూమ్మేట్ దగ్గర వైర్‌లెస్ ప్యాడ్ ఉందిగా, దానిమీదా ఒకసారి.

☐ శాంసంగ్ మెంబర్స్ యాప్‌లో డయాగ్నస్టిక్స్ నడిపి స్క్రీన్‌షాట్ పంపు.

☐ పది నిమిషాలు 4కే వీడియో. ఈ చిప్ వేడెక్కే రకమే, వెచ్చబడితే ఫర్వాలేదు. రికార్డింగ్ దానంతటదే ఆగిపోతే మాత్రం ఫర్వాలేదనకు. వెనక గ్లాసు అంచుకు గోరు పెట్టి చూడు, ఎక్కడా లేవకూడదు.

నీళ్ల పరీక్ష వద్దు. ఐపీ68 అన్నది కొత్త ఫోన్ సంగతి, ఒకసారి విప్పినదాన్ని నమ్మలేం.

ఏ ఒక్కటి తేడా వచ్చినా మంగళవారం రాత్రే రిటర్న్ పెట్టెయ్, మొహమాటం వద్దు. ఫొటోలు బ్యాకప్ చేసి, గూగుల్, శాంసంగ్ ఖాతాలు రెండూ తీసేసి రీసెట్ కొట్టు. ఛార్జర్‌తో సహా అన్నీ అదే డబ్బాలో పెట్టి, తీసుకెళ్లేవాడి ముందే ఇంకో వీడియో తియ్.