మీ లాప్‌టాప్ మదర్‌బోర్డు మరమ్మతు అంచనాపై వివరణ

మేడమ్ గారికి నమస్కారం.

మీ లాప్‌టాప్ మదర్‌బోర్డు బాగుచేయడానికి నేను పంపిన అంచనా, ఇదే మోడల్ రీఫర్బిష్డ్ లాప్‌టాప్ ధరకంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువగా ఉండటం చూసి, ఒక్క చిప్పు పోతే ఇంత ఖర్చెందుకని మీరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే అది. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పలేను కనుక రాసి పంపుతున్నాను.

కీబోర్డు మీద ఒలికిన తీపి పానీయం మదర్‌బోర్డు వరకూ దిగింది. నీరు ఆవిరైపోయినా అందులోని చక్కెర, ఆమ్లాలు అక్కడే మిగిలిపోయి గాలిలోని తేమను పట్టి ఉంచుతాయి. పైకి ఆరినట్టు కనిపించాక మీరు ఛార్జర్ పెట్టినప్పుడు ఆ జిగట పొర గుండా కరెంటు పారి, రాగి గీతలకు చిలుము పట్టి, ప్రాసెసర్‌కు విద్యుత్తు అందించే భాగంలో స్విచ్చులా పనిచేసే ఒక మాస్‌ఫెట్ షార్ట్ అయింది. ఛార్జర్ నుంచి వచ్చే సుమారు 19 వోల్టులను ప్రాసెసర్‌కు సరిపడే 1 వోల్టు స్థాయికి దించడంలో భాగంగా ఆ మాస్‌ఫెట్ క్షణక్షణం తెగుతూ కలుస్తూ ఉండాలి. అది తెగడం మానేయడంతో 19 వోల్టులూ ప్రాసెసర్ మీద పడ్డాయి. మాస్‌ఫెట్‌ను తీసేసి, చుట్టూ ఉన్న కెపాసిటర్లను పరీక్షించి మళ్లీ కొలిచినా ప్రాసెసర్ వైపు షార్ట్ పోలేదు. పోయింది మాస్‌ఫెట్ ఒక్కటే అయి ఉంటే మరమ్మతే మేలని నేనే చెప్పేవాణ్ణి, ఎందుకంటే ఆ భాగం చాలా చవక.

ఇలాంటి పలుచని లాప్‌టాప్‌లలో ప్రాసెసర్‌కు సాకెట్ ఉండదు. దాని అడుగున వెయ్యికి పైగా ఉండే టంకపు ఉండలతో అది నేరుగా బోర్డుకే అతికి ఉంటుంది. సీసం లేని ఆ టంకం సుమారు 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కనుక, బోర్డును కిందినుంచి నెమ్మదిగా వేడిచేస్తూ పైన ఆ ఒక్కచోట వేడిని ఇంకా పెంచాలి. వేడి మితిమీరితే పొరలు పొరలుగా తయారైన బోర్డు లోపల ఉబ్బిపోతుంది; చాలకపోతే చిప్పుతోపాటు కింది రాగి ప్యాడ్లు ఊడి వస్తాయి. ఈ రకం ప్రాసెసర్ విడిగా కొత్తది దొరకదు, కాబట్టి మరో బోర్డు నుంచి తీసినదాన్ని సంపాదించి, దానికి కొత్త ఉండలు పేర్చి అతికించాలి. మీ మోడల్‌లో ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే చిప్‌సెట్ కూడా అదే ప్యాకేజీలో ఉన్నందున, లాప్‌టాప్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం ఉండే బయోస్ చిప్పులో పాత ప్రాసెసర్‌కు సంబంధించిన భాగాన్ని తీసివేసి మళ్లీ రాయాలి.

ఇంత చేసినా బోర్డు పనిచేస్తుందన్న హామీ ఇవ్వలేకపోవడమే నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్న విషయం. ర్యామ్ కూడా బోర్డుకే అతికి ఉంది. దాని స్థితి ప్రాసెసర్ పనిచేసిన తరువాత గానీ తెలియదు. చిప్పుల కింద దాగిన చిలుము ఈరోజు ఊరుకున్నా కొన్ని నెలలకు మరో గీతను తినేయవచ్చు. తయారీదారు ఈ బోర్డు సర్క్యూట్ పటాన్ని బయటికి ఇవ్వలేదు కనుక ప్రతి లైనునూ మీటరుతో వెతుక్కుంటూ పోవాలి. అంచనాలో పెద్ద భాగం ఈ గంటలకే, విడిభాగాలకు కాదు. కర్మాగారంలో యంత్రాలు విడిభాగాలను వరుసగా అమర్చాక బోర్డు ఒక్కసారి కొలిమి గుండా వెళితే వేల అతుకులు కొద్ది నిమిషాల్లో పడతాయి. అదే పని నేను మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటిగా చేయాలి. అందుకే తయారీకంటే మరమ్మతు ఖరీదవుతోంది.

పూర్తి బోర్డునే మార్చవచ్చు కదా అని కూడా మీరు అడిగారు. ప్రాసెసర్, ర్యామ్ దానిమీదే వస్తాయి కనుక లాప్‌టాప్ విలువలో ఎక్కువ భాగం ఆ బోర్డుదే. దానికి తడిసిన కీబోర్డు మార్పిడి కూడా కలిపితే మొత్తం మళ్లీ రీఫర్బిష్డ్ ధరను దాటుతుంది.

మీ ఫైళ్ల గురించి దిగులు పడకండి. అవి ఉండే ఎస్‌ఎస్‌డీ విడిగా ఊడదీయగలిగే రకం. తీసి పరీక్షించాను, బాగానే ఉంది. అయితే అది విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంది. ఆ తాళాన్ని తనంతట తానే తెరిచే ఏర్పాటు పాత బోర్డుతో ముడిపడి ఉన్నందున, వేరే యంత్రంలో తెరవడానికి 48 అంకెల రికవరీ కీ కావాలి. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది భద్రమై ఉందేమో దయచేసి ఈరోజే చూడండి. అది దొరికేదాకా పాత బోర్డును పారేయవద్దు.

మరొక లాప్‌టాప్ తీసుకోవడమే మేలని నా సలహా. తీసుకోబోయే మోడల్‌లో ఈ ఎస్‌ఎస్‌డీ పట్టే స్లాట్ ఉందో లేదో కొనేముందు నాకు చెబితే చూసి పెడతాను. ఇవన్నీ తెలిసి కూడా ఈ యంత్రమే కావాలని మీరు కోరితే మరమ్మతు మొదలుపెడతాను, కానీ మీ రాతపూర్వక అంగీకారం వచ్చేవరకు ప్రాసెసర్‌ను కదిలించను.

ఇట్లు,
మీ లాప్‌టాప్‌ను పరీక్షించిన టెక్నీషియన్