పందొమ్మిదో ప్రశ్న

మాది కావలి నుంచి తుమ్మలపెంట పోయే రోడ్డులో ఒక చిన్న ఊరు, చుట్టూ రొయ్యల గుంటలే. నాయన ఒక ఆసామి గుంట దగ్గర కాపలా, మేత వేసేది కూడా ఆయనే. నేను అప్పుడు సెకండ్ ఇంటర్ ఎంపీసీ. మ్యాథ్స్ టూబీ రాసొచ్చిన సాయంత్రం జరిగిన సంగతి ఇది, మధ్యలో ఫస్టియర్ వాళ్ళకి ఒక రోజు, ఎల్లుండి పొద్దున తొమ్మిదికి మాకు ఫిజిక్స్.

ఫిజిక్స్ పేపర్ 60 మార్కులు. చిన్న ప్రశ్నలు పదికి 20, నాలుగు మార్కులవి ఎనిమిదిలో ఆరు రాస్తే 24, ఇంక 19, 20, 21 అని మూడు పెద్ద ప్రశ్నలు, అందులో రెండు రాస్తే 16. ఆ 16 మార్కులు గ్యారంటీ చేసుకుంటే సగం భయం పోతుంది, మా కాలేజీలో అందరూ చేసే లెక్క అదే.

సీనియర్ అక్క దగ్గర సగం రేటుకి కొన్న పాత పేపర్ల పుస్తకం ఒకటి ఉంది నా దగ్గర. ఐదేళ్ళవి, మార్చివి, సప్లిమెంటరీవి కలిపి పది పేపర్లు. బస్సులో శిరి నా పక్కనే కూర్చోనుంది, ఊరికే పేజీలు తిప్పతా ఉంటే వేవ్స్ చాప్టర్ నుంచి వచ్చిన పెద్ద ప్రశ్న కంటపడింది. ఒకసారి డాప్లర్, తర్వాత పేపర్లో పైపుల్లో స్టేషనరీ వేవ్స్, తర్వాత మళ్ళీ డాప్లర్, మళ్ళీ పైపులు. నా గుండె దడదడా కొట్టుకుంది. పుస్తకం వెనక అట్ట మీద పెన్సిల్‌తో డా, పై, డా, పై అని రాసుకుంటా పోయినా. చివరి పేపర్ పైపులు. అంటే ఈసారి డాప్లరే.

"శిరీ, చూడుమే ఇది" అని చూపించినా. అది అట్ట వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి "అయితే పైపులు వదిలేద్దామా?" అనింది. నేను ఊఁ అన్నా. ఆ ఒక్క ఊఁ తర్వాత నన్ను రాత్రంతా నిద్రపోనీలేదు.

ఎందుకంటే నిజం చెప్పాలంటే నాకు టైమ్ లేదు. పైపుల ప్రశ్న అంటే ఓపెన్ పైపు, క్లోజ్డ్ పైపు, రెండిటికీ బొమ్మలు, హార్మోనిక్స్, ఆ డెరివేషన్లు చూడకుండా రాయాలంటే నాకు రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటల్లో సెమీకండక్టర్లు, ఆప్టిక్స్ నాలుగు మార్కులవి నాలుగైదు చదువుకోవచ్చు. డాప్లర్ మాత్రం నాకు ముందే వచ్చు, కావలి రైల్వే గేటు దగ్గర నిలబడి ఎన్నిసార్లు విన్నానో, బండి మన వైపు వచ్చేటప్పుడు హారన్ సన్నగా ఉంటుంది, దాటిపోంగానే బొంగురుగా దిగిపోతుంది. అందుకే ν' = ν·v/(v − vs) లో మైనస్ ఎప్పుడు, ప్లస్ ఎప్పుడు అనేది నేను బట్టీ పట్టలేదు, దగ్గరికొస్తే కింద తగ్గాలి అంతే.

రాత్రి తొమ్మిదిన్నరకి నాయనకి అన్నం క్యారేజీ తీసుకోని గుంట కాడికి పోయినా. ఏరేటర్లు తిరుగుతా ఉన్నాయి, నాయన గట్టు మీద కూర్చోని చెక్ ట్రే తాడు లాగతా ఉన్నాడు. ట్రే పైకి వచ్చింది, టార్చి వేసి చూశాడు, మేత కొంచెం మిగిలుంది, రెండు రొయ్యలు ఎగిరి నీళ్ళలో పడ్డాయి, ఒకదాన్ని పట్టుకోని వెలుతురుకి అడ్డం పెట్టి కడుపులో పేగు నిండుందా లేదా అని చూశాడు.

"పోయిన పంటలో ఈ రోజుకి ఎంత మేత వేశావో బుక్కులో రాసుంది గదా నాయనా, అదే వేస్తే పోదా?" అని అడిగినా.

"బుక్కులో ఉండేది పోయిన పంట రొయ్యల ఆకలమ్మా, ఇవి తినేది ట్రే ఎత్తితేనే గదా తెలిసేది" అన్నాడు, అని మిగిలిన మేతని వేలితో పక్కకి జరిపి లెక్క చూసుకుంటా ఉండిపోయాడు.

ఇంటికొచ్చి మళ్ళీ ఆ పుస్తకం తీసినా. ఈసారి అట్ట మీద అక్షరాలు కాకుండా పేపర్లు పెట్టుకోని ఒక్కొక్క ప్రశ్న చదివినా. నాలుగో పేపర్లో అది పైపుల ప్రశ్నే కాదు, సాగదీసిన తీగలో స్టేషనరీ వేవ్స్. స్టేషనరీ అనే మాట కనపడంగానే నేను పై అని రాసేసుకున్నా. అంతకన్నా సిగ్గేసింది ఏందంటే ఏడో పేపర్లో ఆ పేజీయే లేదు, చినిగిపోయుంది, నేను వరస చెడకుండా "డా" అని నా అంతట నేనే రాసిపెట్టినా. ఆ అక్షరం రాసేటప్పుడు నాకు తెలుసు. తెలిసి కూడా రాసినా, ఎందుకంటే అప్పటికే వరస అందంగా కుదిరిపోయింది, దాన్ని పాడు చేసుకోబుద్ధి కాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, మా ఫిజిక్స్ సార్ ఒకసారి క్లాసులో చెప్పాడు, ప్రశ్నపత్రాలు ఒక్క సెట్టే ఉండదు, కొన్ని సెట్లు రెడీ చేసి పెడతారు, ఏ సెట్ ఇవ్వాలి అనేది పరీక్ష రోజు పొద్దునే సెంటర్లకి చెప్తారు అని. మరి అలాంటప్పుడు పోయినసారి పైపులు వచ్చింది కాబట్టి ఈసారి డాప్లర్ అని ఎవరు గుర్తుపెట్టుకోని ఇస్తారు? ఎవరూ ఇవ్వరు. కానీ ఒకటి మాత్రం నా దగ్గరున్న తొమ్మిది పేపర్లలోనూ మారలేదు, వేవ్స్ నుంచి ఒకటి, కరెంట్ ఎలక్ట్రిసిటీ నుంచి ఒకటి, న్యూక్లియై నుంచి ఒకటి. ఏ చాప్టర్‌కి ఎన్ని మార్కులు అనేది ముందే అనుకోని పేపర్ తయారుచేస్తారు, సెట్ మారినా అది మారదు. మూడిట్లో రెండు రాస్తే చాలు కాబట్టి వేవ్స్ మొత్తం, కరెంట్ మొత్తం చదివి, న్యూక్లియర్ రియాక్టర్ బొమ్మ వదిలేయొచ్చు. ఆ ధైర్యం చేయొచ్చు అనిపించింది. పైపులు వదిలే ధైర్యం మాత్రం రాలేదు.

పది దాటిపోయింది, అయినా శిరికి ఫోన్ చేసినా.

"ఆ వరస తప్పుమే, ఒక పేజీ నేనే కల్పించినా. పైపులు కూడా చదువు."

కొంచెంసేపు మాట్లాడలేదు అది. తర్వాత "ఇప్పుడు చెప్తే ఎట్టా, నాకు పొటెన్షియోమీటరే ఇంకా రాలేదు. నాకు డాప్లరే వస్తది, వచ్చేసిందంతే" అని పెట్టేసింది.

మరుసటి రోజు పైపులకి రెండు గంటలు అనుకున్నది మూడు పట్టింది. సెమీకండక్టర్లు పైపైన చూసినా. ఎల్లుండి పొద్దున హాల్లో పేపర్ చేతికి రాంగానే అందరూ మొదటి పేజీ చదువుతా ఉంటే నేను చివరి పేజీ తిప్పినా.

19. డాప్లర్ ఎఫెక్ట్.

నాకు సంతోషం వేయలేదు, చేతులు చల్లబడినాయి. డాప్లర్ రాసినా, వీట్‌స్టోన్ బ్రిడ్జ్ రాసినా, నాలుగు మార్కుల వాటిల్లో ఐదు బాగా రాసి ఆరోది ట్రాన్సిస్టర్ గురించి సగంలో ఆపేసినా. పైపుల మీద పెట్టిన మూడు గంటల్లో ఒక్క అరగంట దానికి పెట్టుంటే వచ్చుండేది.

బయటికి రాంగానే శిరి పరిగెత్తుకుంటా వచ్చి వాటేసుకుంది. "చెప్పినానా లేదా! నువ్వు చెప్పినట్టే వచ్చింది!" దాని వెనకాలే మా క్లాసు అమ్మాయిలు ముగ్గురు, అప్పటికే ఊరంతా చెప్పేసింది, ఒకమ్మాయి చేతిలో కెమిస్ట్రీ పాత పేపర్లు కూడా ఉన్నాయి. "కెమిస్ట్రీకి కూడా రాసియ్యవా, ఏది వస్తుందో?"

అడిగే ఆ కళ్ళు చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏ పేపర్లోనైనా ఒక వరస దొరుకుతుంది, కావాలంటే ఆ సాయంత్రమే తయారు చేసి ఇవ్వగలను, వాళ్ళు నమ్ముతారు, ఈసారి నన్ను చూసి నమ్ముతారు.

"ఏ చాప్టర్ నుంచి ఎన్ని వస్తాయో రాసిస్తా, ఏ ప్రశ్న వస్తుందో నాకు తెలీదు. ఫిజిక్స్‌లో కూడా నాకు తెలీలేదు" అన్నా.

వాళ్ళు ముగ్గురూ మొహమొహాలు చూసుకోని పోయినారు, నేను దాచుకుంటన్నా అనుకున్నారేమో. బస్సులో శిరి కిటికీ వైపు తిరిగి కూర్చోనింది, సగం దారి దాకా పలకలేదు. మా స్టాపు రెండు నిమిషాల్లో వస్తుందనంగా నా వైపు చూడకుండానే అడిగింది.

"అంటే అన్నీ చదవాలా?"

"ఆ చాప్టర్లవి అన్నీ."

"నా వల్ల కాదుమే ఒక్కదానివల్ల."

"ఇంటికి రా, ఇద్దరం చదువుదాం" అన్నా. అది బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకోని, తన స్టాపు వచ్చినా దిగలేదు.