2.3 అసౌష్ఠవ హైడ్రోజనీకరణ ఉత్ప్రేరకాలు: తులనాత్మక సమీక్ష

అసౌష్ఠవ హైడ్రోజనీకరణంపై వెలువడిన పరిశోధనా పత్రాలలో ఉత్ప్రేరకాలను సాధారణంగా ఎనాన్షియోమర్ ఆధిక్యం అనే ఒక్క అంకెతోనే తూచడం కనిపిస్తుంది. ఏ క్రియాజనకంపై, ఎంత హైడ్రోజన్ పీడనం వద్ద, ఎంత ఉత్ప్రేరకంతో ఆ అంకె వచ్చిందో పక్కన పెట్టి చూస్తే 95 శాతానికీ 99 శాతానికీ మధ్య పోలికకు అర్థం ఉండదు. తిరుపతిలోని మా ప్రయోగశాలలో ఉన్నది గాజు సీసాను కుదుపుతూ పనిచేసే అల్పపీడన హైడ్రోజనేటర్ మాత్రమే. అందులో పీడనం 4 అట్మాస్ఫియర్లకు మించకూడదు. గ్లవ్ బాక్స్ లేదు, గాలి సోకకూడని పనులన్నీ ష్లెంక్ లైన్ మీదనే జరగాలి. అందుచేత ఈ సమీక్షలో ప్రతి ఉత్ప్రేరకాన్నీ దాని ఎంపికశక్తితో పాటు అది కోరే పీడనం, ఉష్ణోగ్రత, గాలిని తట్టుకునే గుణం అనే కొలమానాలతో కూడా పరిశీలించడం జరిగింది.

ఈ రంగానికి పునాది విల్కిన్సన్ ఉత్ప్రేరకం, RhCl(PPh3)3. అందులోని ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ స్థానంలో కైరల్ ఫాస్ఫీన్‌ను ప్రవేశపెట్టే ప్రయత్నాన్ని 1968లో నోల్స్, హోర్నర్ బృందాలు విడివిడిగా చేశాయి. నోల్స్‌కు లభించిన ఆధిక్యం 15 శాతం మాత్రమే అయినా, లోహానికి అతుక్కున్న లైగాండ్ తన కైరాలిటీని ఉత్పన్నానికి అందించగలదని ఆ స్వల్ప ఫలితమే రుజువు చేసింది. 1971లో కాగన్ టార్టారిక్ ఆమ్లం నుంచి తయారుచేసిన డయాప్ లైగాండ్‌లో కైరాలిటీ భాస్వరం మీద కాక కార్బన్ గొలుసులో ఉంది. భాస్వర కేంద్రంగా గల కైరల్ ఫాస్ఫీన్‌లను తయారుచేయడం ఎంత శ్రమతో కూడినదో తెలిసినవారికి ఈ మార్పు విలువ వెంటనే బోధపడుతుంది. ఆ తరువాత నోల్స్ బృందం రూపొందించిన డైపాంప్ లైగాండ్ డీహైడ్రో అమైనో ఆమ్లాలపై సుమారు 95 శాతం ఆధిక్యాన్ని ఇచ్చి, మోన్‌శాంటో సంస్థలో పార్కిన్సన్ వ్యాధికి వాడే ఎల్-డోపా తయారీకి ఆధారమైంది.

రోడియం ఉత్ప్రేరకాల విషయంలో ఫలితాల కంటే వాటి క్రియావిధానమే మన అవసరానికి ఎక్కువ ముఖ్యం. లాండిస్, హాల్పెర్న్ 1987లో డైపాంప్–రోడియం వ్యవస్థపై ప్రచురించిన గతిశాస్త్ర అధ్యయనం ప్రకారం, మిథైల్ (Z)-α-అసిటమిడోసిన్నమేట్ లోహంతో కలిసినప్పుడు రెండు డయాస్టీరియోమర్ సంశ్లిష్టాలు ఏర్పడతాయి. ద్రావణంలో ఎక్కువగా ఉండే స్థిరమైన రూపం హైడ్రోజన్‌తో చాలా మందకొడిగా చర్య జరుపుతుంది. ఉత్పన్నంలోని అధిక భాగం, తక్కువ మోతాదులో ఉండే అస్థిర రూపం నుంచే వస్తుంది. ఈ ఎంపిక నిలవాలంటే ఆ రెండు రూపాలు ఒకదానిలోకి మరొకటి త్వరత్వరగా మారుతూ ఉండాలి. పీడనం పెంచితే హైడ్రోజన్ చేరే వేగం పెరిగి, ఆ మార్పిడికి వ్యవధి చిక్కక, ఆధిక్యం పడిపోతుంది. ఉష్ణోగ్రత పెంచితే మార్పిడి వేగవంతమై ఆధిక్యం పెరుగుతుంది. హెచ్చు పీడనం, తక్కువ ఉష్ణోగ్రత ఉంటే మెరుగైన ఎంపిక వస్తుందనే సాధారణ అంచనాకు ఇది పూర్తిగా విరుద్ధం. దీనివల్ల అల్పపీడన హైడ్రోజనేటర్ ఇటువంటి వ్యవస్థకు లోపం కాదు, అనుకూలమే అవుతుంది. అయితే పత్రాలలో 'గది ఉష్ణోగ్రత' అని రాసిన చోట 25 డిగ్రీలను ఉద్దేశిస్తారు; మే నెలలో తిరుపతిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో అదే మాటకు అర్థం వేరు. సీసాను స్థిర ఉష్ణోగ్రత గల నీటి తొట్టిలో ఉంచి, ఆ అంకెను ప్రతి ప్రయోగంతో పాటు నమోదు చేయనిదే మన ఫలితాలను సాహిత్యంలోని వాటితో పోల్చడం సరికాదు.

1990ల ఆరంభంలో బర్క్ ప్రవేశపెట్టిన డ్యూఫాస్ లైగాండ్లు డీహైడ్రో అమైనో ఆమ్లాలపై 99 శాతానికి పైగా ఆధిక్యాన్ని చూపాయి. చాలా ఉత్ప్రేరకాలు Z రూపం మీద మాత్రమే చక్కగా పనిచేస్తుండగా, ఇవి E రూపంపై కూడా అదే ఎంపికను నిలుపుకోవడం విశేషం. వీటిలోని ఎలక్ట్రాన్ సమృద్ధిగల ఫాస్ఫొలేన్లు ఆమ్లజనికి సున్నితమైనవి కావడంతో, గ్లవ్ బాక్స్ లేని చోట వీటిని వాడాలంటే ఎంతో జాగ్రత్త అవసరమవుతుంది.

నొయోరి, తకాయా 1980లో వెల్లడించిన బైనాప్, రుథీనియంతో కలిసిన తరువాతే తన పూర్తి శక్తిని చూపింది. 1987 నాటి β-కీటో ఎస్టర్ల క్షయకరణంలో 99 శాతానికి పైబడిన ఆధిక్యం లభించినా, పీడనం సుమారు 100 అట్మాస్ఫియర్లు ఉండాల్సి వచ్చింది. 1990ల తొలినాళ్లలో బలమైన ఆమ్లాన్ని అతి స్వల్పంగా చేర్చి, 40 డిగ్రీల వద్ద సుమారు 3 అట్మాస్ఫియర్లతోనే ఆ చర్యను జరిపే పద్ధతులు వచ్చాయి. సమీక్షా వ్యాసాలలో అరుదుగా కనిపించే ఈ మెరుగుదల చిన్న ప్రయోగశాలలకు ఎంతో ఉపయోగకరం. సాధారణ కీటోన్లకు మాత్రం డైఅమీన్‌తో కూడిన బైనాప్–రుథీనియం వ్యవస్థలు అవసరమయ్యాయి. వీటిలో కీటోన్ లోహానికి అతుక్కోదు, లోహం మీది హైడ్రైడ్, నత్రజని మీది ప్రోటాన్ రెండూ ఒకేసారి కార్బొనిల్‌ను అందుకుంటాయి.

ఇరిడియంకు ప్రత్యేక స్థానం ఉంది. సమన్వయం చెందగల సమూహమేదీ లేని ఆల్కీన్ల విషయంలో రోడియం, రుథీనియం ఉత్ప్రేరకాలు తడబడిన చోట ఫాల్ట్స్ రూపొందించిన ఫాస్ఫినోఆక్సజోలీన్ సంశ్లిష్టాలు నిలదొక్కుకున్నాయి. పారిశ్రామికంగా, మెటొలాక్లోర్ అనే కలుపు మందు తయారీలో జోసిఫాస్ రకం లైగాండ్‌తో కూడిన ఇరిడియం ఉత్ప్రేరకం 10 లక్షలకు మించిన టర్నోవర్ సంఖ్యను సాధించింది. అక్కడ ఆధిక్యం సుమారు 80 శాతం మాత్రమే, అయినా ఆ ప్రక్రియ వేల టన్నుల స్థాయిలో నడిచింది. ఎనాన్షియోమర్ ఆధిక్యం ఒక్కటే ఉత్ప్రేరకాన్ని నిర్ణయించదనడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ ఈ సాహిత్యంలో లేదని మా అభిప్రాయం. 2011లో జౌ బృందం స్పైరో లైగాండ్‌తో కూడిన ఇరిడియంపై అసిటోఫినోన్ నుంచి 45,50,000 టర్నోవర్ సంఖ్యను నివేదించింది.

చవకైన లోహాలపై కృషి ఇటీవల వేగం పుంజుకుంది. మోరిస్ ఇనుముతో, బెల్లర్, క్లార్క్ బృందాలు మాంగనీస్‌తో, చిరిక్ కోబాల్ట్‌తో మంచి ఫలితాలు సాధించారు. 2018లో చిరిక్, మెర్క్ పరిశోధకులు మూర్ఛ మందు లెవెటిరాసెటమ్‌ను 0.08 మోల్ శాతం కోబాల్ట్‌తో తయారుచేశారు. ఇక్కడ జింక్‌తో కోబాల్ట్‌ను క్షయకరణం చేయడం, మిథనాల్‌ను ద్రావణిగా వాడటం కీలకమయ్యాయి. లోహం చవకైనదే అయినా కైరల్ లైగాండ్ ధర మారదు కాబట్టి, మొత్తం ఖర్చులో ఆదా పైకి కనిపించినంత ఉండకపోవచ్చు.

ఈ పరిస్థితులన్నిటినీ బేరీజు వేసి, ప్రస్తుత అధ్యయనానికి 2000లో ఫెరింగా, డి వ్రీస్, మిన్నార్డ్ బృందం ప్రవేశపెట్టిన మోనోఫాస్–రోడియం వ్యవస్థను ఎంచుకోవడం జరిగింది. రెండు కోరలతో పట్టే లైగాండ్ ఉంటేనే ఉన్నత ఎంపిక సాధ్యమని అప్పటిదాకా బలంగా ఉన్న అభిప్రాయాన్ని అది మార్చింది. ఈ ఫాస్ఫొరమిడైట్‌ను బైనాల్ నుంచి ఒకే దశలో తయారుచేయవచ్చు, ఘనరూపంలో గాలిని బాగానే తట్టుకుంటుంది, ప్రోటాన్‌నివ్వని ద్రావణులలో డీహైడ్రో అమైనో ఎస్టర్లపై 95 శాతం, ఆపైన ఆధిక్యాన్ని ఇస్తుంది. మిథనాల్‌లో ఎంపిక తగ్గుతుంది కనుక ద్రావణిగా ఇథైల్ అసిటేట్‌నే తీసుకుంటాము. హాల్పెర్న్ అధ్యయనంలోని మిథైల్ (Z)-α-అసిటమిడోసిన్నమేట్‌నే క్రియాజనకంగా ఉంచి, 1 నుంచి 4 అట్మాస్ఫియర్ల మధ్య పీడనాన్నీ, 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రతనూ మార్చి కొలిస్తే, ఏక కోర లైగాండ్ వ్యవస్థలో కూడా పీడనం ఎంపికను దెబ్బతీస్తుందా అన్న ప్రశ్నను మన పరికరంతోనే పరీక్షించవచ్చు.