మర్రిపేట ఊరివాళ్ల దారిమాటలు

మన వీడియో గేమ్‌లో హీరో మర్రిపేట వీధిలో నడుస్తుంటే పక్కనుంచి వినబడే మాటలివి. ఆడేవాళ్లు ఒక్కో మాటను వందసార్లు వింటారు. అందుకే ఎక్కడా జోకు పెట్టలేదు, రెండోసారికే అది చప్పబడుతుంది. పక్కింటి అవ్వ రోజూ అడిగే "తిన్నవా బిడ్డా" మాత్రం ఎన్నేళ్లయినా పాతబడదు. రికార్డింగ్‌లో గొంతు పెంచొద్దు, సగం తమలో తాము అనుకున్నట్టే ఉండాలి.

జొన్నరొట్టెల అవ్వ, పొద్దున, పొయ్యి దగ్గర

"తిన్నవా బిడ్డా?"
"పిండిల మసిలే నీళ్లే పొయ్యాలె. సల్లటియి పోస్తే రొట్టె ఇరుగుతది."
"ఊదు, ఊదు... ఆఁ, అంటుకుంది."

మాటల మధ్య రొట్టె తట్టే చప్పుడు చాలాసేపు వినిపించాలి. ఆ చప్పుడు బాగుంటే మాటలు తక్కువైనా పర్లేదు.

గద్వాల మగ్గం ఆయన

"నడుమ నూలు, అంచు పట్టు. రెండు కలిపేకాడనే ఉంది పనంత."
"పోగు తెగింది. తొందరేం లేదు, అతుకుత."
"ఇంకో జానెడు."

బత్తాయిల అక్క, నల్లగొండ నుంచి బండి మీద వస్తుంది

"సేతుల పట్టి సూడు. బరువుంటెనే రసం."
"తోట మాదే. నీళ్లే మాయి గావు."

గొర్రెల కాపరి

"నల్లది యాడ బోయింది?"
"గొంగడి ఒక్కటుంటే సాలు. వానకు అదే, సలికి అదే."

ఆ నల్ల గొర్రెను ఎప్పుడూ ఆయన వెనకాలే నిలబెట్టండి. ఆయన అటు తిరగొద్దు. చూసినవాళ్లకు తెలుస్తుంది, తెలిశాక ఆ మాట ఇంకా ముద్దొస్తుంది.

మర్రి కింద ఇద్దరు తాతలు

"దీని మొదలు ఏదిరా?"
"నువ్వు సూపియ్యి, నేను మొక్కుత."

మన మర్రికి మూలం మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి. ఊడలే మానులై ఎకరాల కొద్దీ పాకిన చెట్టు కాబట్టి అక్కడ ఈ ప్రశ్న నిజంగానే వస్తుంది. రెండో తాత జవాబుకు ముందు రెండు సెకన్లు ఆగాలి.

ఊడలు లెక్కపెట్టే పిల్ల

"పదకొండు, పన్నెండు... అయ్యో, మళ్ల మొదటికెంచి."

నాకు అన్నిట్లో ఇష్టమైంది ఇదే. ఎన్నిసార్లు వినబడితే అంత నిజమవుతుంది.

గడప మీద కూర్చున్న చిన్నమ్మ

"కాలువ పనికి పోయిండు. దసరాకు వస్తనన్నడు."

పాలమూరు వలస తెలిసినవాళ్లకు ఈ మాట బరువు చెప్పక్కర్లేదు. రోజుకు ఒక్కసారే, అదీ పొద్దుగూకే వేళ వినిపించాలి. ఊళ్లో మారే మాట ఇదొక్కటే. ఆటలో దసరా తెల్లారగానే పాతది తీసేసి, నెమ్మదిగా చెప్పించిన ఈ మాట పెట్టండి:

"వచ్చిండు. లోపల పండుకున్నడు."